మసక మాటున అంకెలు దాగవు

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరు మెయింటెనెన్స్ కట్టినట్టు ఫోన్‌పే రసీదు పెడతారు. కరెంటు బిల్లు పేరుతో వచ్చిన మోసపు మెసేజీని నలుగురికీ చూపించి హెచ్చరిద్దామని ఇంకొకరు ఫేస్‌బుక్‌లో పెడతారు. ఇద్దరూ జాగ్రత్త తెలిసినవాళ్లే. నంబరు ఉన్న చోట బ్లర్ బ్రష్షుతో రెండుసార్లు రుద్ది, అంకెలు కనపడటం లేదని చూసుకున్నాకే పంపుతారు. నల్ల పట్టీ వేయొచ్చు కదా అంటే, "చూడ్డానికి బాగోదండీ. అయినా ఇంత మసకలోంచి ఎవరు చదవగలరు?" అంటారు.

ఈ మాట ఎంత స్థిరపడిపోయిందంటే, యాప్‌లు తయారుచేసేవాళ్లు కూడా దాన్నే నమ్మినట్టు కనిపిస్తుంది. వాట్సాప్‌లో బొమ్మ పంపే ముందు వచ్చే పెన్నుల వరసలో బ్లర్ బ్రష్షు ఉంటుంది, టెలిగ్రామ్‌లోనూ ఉంటుంది. చేతికందేలా పెట్టారు కాబట్టి దాచడానికి అదే సరైన పనిముట్టు అని జనం అనుకోవడంలో వింత లేదు. కానీ ఆ నమ్మకం తప్పు. మొహం సంగతి వేరుగా చూద్దాం. ఫోన్ నంబరు విషయంలో మాత్రం బ్లర్ దాచదు, వేరే రూపంలో రాసి పెడుతుంది. ఆ రూపాన్ని వెనక్కి చదవడానికి గొప్ప విద్య అక్కర్లేదు, పది అంకెల పట్టిక చాలు.

బ్లర్ అంటే నిజానికి జరిగేదేమిటో ముందు చూద్దాం. ఫోన్ ఎడిటర్లలో అది రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి గళ్ల మసక, దీన్నే మొజాయిక్ అంటారు. బొమ్మను చిన్న చదరపు గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలోని పిక్సెళ్ల రంగులన్నిటి సగటు తీసి, గడి అంతా ఆ సగటు రంగే పూస్తుంది. రెండోది మెత్తటి మసక. అందులో ప్రతి పిక్సెల్‌కూ దాని చుట్టుపక్కల పిక్సెళ్ల సగటును, దగ్గరివాటికి ఎక్కువ బరువు, దూరంవాటికి తక్కువ బరువు ఇచ్చి, రాస్తుంది. రెండూ లెక్కలే. రెండింటిలోనూ పాచికలు వేసే పని లేదు, ఒకే అంకెల మీద అదే లెక్క ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితం వస్తుంది. అంటే బయట కనిపిస్తున్న మసక, లోపలున్న నంబరు నుంచి పుట్టినది. నంబరు మారితే మసక కూడా మారుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మరి బ్లర్‌ను ఇంతకాలం అందరూ ఎందుకు నమ్మారు? టీవీల్లో, పత్రికల్లో మొహాలు దాచడం చూసి అలవాటైంది. మొహం విషయంలో ఆ అలవాటుకు కొంత అర్థముంది. మసకబారిన మొహం వెనక ఏ మనిషైనా ఉండొచ్చు, ఏ వెలుతురైనా, ఏ కోణమైనా ఉండొచ్చు. ఊహించాల్సిన వాటికి అంతు లేదు. అక్కడ కూడా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. పిల్లలపై అఘాయిత్యాల ఫొటోల్లో తన మొహాన్ని సుడి తిప్పినట్టు మెలిపెట్టిన నిందితుడి బొమ్మను జర్మనీ పోలీసు నిపుణులు వెనక్కి తిప్పి సరిచేస్తే, 2007 అక్టోబరులో ఇంటర్‌పోల్ దాన్ని ప్రపంచానికి చూపించింది, కొద్దిరోజుల్లోనే అతను థాయ్‌లాండ్‌లో దొరికాడు. సుడి తిప్పడమూ ఒక లెక్కే మరి. కానీ ఆ నిపుణులకు ఉన్నంత కష్టం కూడా ఫోన్ నంబరు చదివేవాడికి ఉండదు. నంబరులో ఉండేవి పది స్థానాలు, ఒక్కో స్థానంలో ఉండగలిగేవి పది అంకెలు. మన దేశపు మొబైల్ నంబరైతే మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి కావాలి. ఇక అక్షరాల ఆకారం అంటారా? మసకకు పైనా కిందా అదే స్క్రీన్‌షాట్‌లో స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి చదవదలచినవాడు మసకను "తీసేయాల్సిన" పని లేదు. సినిమాల్లో చూపించినట్టు బొమ్మను పెద్దది చేసి, ఒక మీట నొక్కితే అంకెలు తేలి రావడం అనేది జరగదు, జరగనక్కర్లేదు కూడా. అతను చేసేది ఎదురు దిక్కు పని. తనే ఒక అంకె రాస్తాడు, దానికి అదే బ్లర్ కొడతాడు, మన బొమ్మలోని మసకతో సరిపోలిందా అని చూస్తాడు. సరిపోకపోతే తర్వాతి అంకె. బ్లర్‌ను సమర్థించేవాళ్లందరూ "మసకను వెనక్కి తిప్పలేరు" అనే వాదిస్తారు. తిప్పలేకపోవచ్చు. ముందుకు నడిపి పోల్చగలిగితే చాలు కదా.

ఇది మాటల్లో తేలిగ్గా కనిపిస్తోంది కాబట్టి లెక్కలోకి దిగుదాం. చదివేవాళ్లు కాగితం మీద సరిచూసుకోవడానికి వీలుగా, చుక్కల పలకల మీద కనిపించే పాతకాలపు అంకెలను తీసుకుంటాను. అడ్డంగా 5, నిలువుగా 7 చుక్కలు. పక్కన ఒక ఖాళీ నిలువు వరస, కింద ఒక ఖాళీ అడ్డ వరస కలిపితే ఒక్కో అంకెకు 6 అడ్డం, 8 నిలువు, మొత్తం 48 చుక్కల చోటు. ఉదాహరణకు 8 ఇలా ఉంటుంది:

```
.###..
#...#.
#...#.
.###..
#...#.
#...#.
.###..
......
```

దీనికి ఊహించగలిగినంత మొరటు బ్లర్ కొడదాం. అంకె మొత్తానికీ ఒకటే గడి, ఒకటే సగటు రంగు. కంటికి కనిపించేది ఒక బూడిద రంగు ముక్క, అంతే. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ బూడిద రంగు ఎంత ముదురుగా ఉందన్నది లోపల ఎన్ని నల్ల చుక్కలున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను తీసుకున్న అచ్చులో, అడ్డగీత ఉన్న 0కు 19 చుక్కలు, 1కి 10, 7కి 11. ఈ మూడింటికీ తమతో సమానమైన అంకె ఇంకోటి లేదు, కాబట్టి రంగు చూడగానే పట్టుబడతాయి. 2, 3, 4 మూడింటికీ 14 చుక్కలే. 5, 8లకు 17. 6, 9లకు 15. అంటే ఎంత మొరటుగా దాచినా ఒక్కో స్థానంలో మిగిలే అనుమానం మహా అయితే మూడు అంకెల మధ్య.

దీని పర్యవసానం చూడండి. బ్లర్ లేకుండా పూర్తిగా దాస్తే సాధ్యమయ్యే మొబైల్ నంబర్లు 400 కోట్లు. ఈ మొరటు బ్లర్ కొట్టాక, దాచినవాడి అదృష్టం బాగుండి మొదటిది తప్ప ప్రతి స్థానంలోనూ 2, 3, 4 గుంపే పడిందనుకున్నా, మొదటి అంకెకు 6, 9 అనే రెండు అవకాశాలు, మిగతా తొమ్మిదింటికి మూడేసి. గుణిస్తే 39,366. 400 కోట్ల నుంచి నలభై వేల లోపుకు వచ్చేశాం, అదీ అంకెకు ఒక్క గడితో.

ఇప్పుడు గడిని సగం చేసి, పై నాలుగు వరసలకు ఒకటి, కింది నాలుగు వరసలకు ఒకటి ఇద్దాం. ఒక్కో సగంలో ఎన్ని నల్ల చుక్కలు ఉంటాయో ఇదీ పట్టిక:

```
అంకె  పైన  కింద
 0    11    8
 1     5    5
 2     7    7
 3     8    6
 4     7    7
 5    11    6
 6     8    7
 7     8    3
 8    10    7
 9    11    4
```

పది అంకెల్లో ఇంకా ఒకదానితో ఒకటి కలిసిపోతున్నవి 2, 4 మాత్రమే. మిగతా ఎనిమిదీ విడిపోయాయి. ఆ సగాలను కూడా నిలువుగా చీలిస్తే ఈ జంట కూడా విడిపోతుంది: కింది ఎడమ గడిలో 2కి 5 చుక్కలు పడితే 4కి 3 పడతాయి. అంకెకు నాలుగు గడులు వచ్చేసరికి అనుమానమే లేదు. ఇక మన ఫోన్ల సంగతి ఆలోచించండి. 1080 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద చాట్‌లో ఒక అంకె వెడల్పు ఇరవై పైచిలుకు పిక్సెళ్లు ఉంటుంది. పది పిక్సెళ్ల గడితో మసక కొడితే అంకెకు నాలుగు కాదు, అంతకంటే ఎక్కువ గడులే పడతాయి.

"ఆ రంగుల తేడా అంత సన్నగా ఉంటే ఎలా కనిపిస్తుంది?" అన్నది తర్వాతి ప్రశ్న. మన కంటికి కనిపించదు, నిజమే. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో, 24 చుక్కల గడిలో 10 నల్లవి ఉంటే సగటు 149, 11 ఉంటే 138. రెండు బూడిద ముక్కలను పక్కపక్కన పెట్టకుండా విడివిడిగా చూపిస్తే ఏది ఏదో మనలో చాలామంది చెప్పలేరు. కంప్యూటర్ మాత్రం రంగును చూడదు, ఆ సంఖ్యనే చదువుతుంది. పదకొండు మెట్ల తేడా దానికి వీధి వెడల్పు. మన కంటికి ఆనకపోతే లోకానికే ఆనదనుకోవడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం లాంటిదే.

కాస్త సాంకేతికం తెలిసినవాళ్లు ఇక్కడ మూడు అభ్యంతరాలు చెబుతారు. మూడూ పైపై మాటలు కావు కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: నిజమైన బ్లర్‌లో గడి సరిగ్గా అంకె అంచు దగ్గర మొదలవదు, ఒకే గడిలో ఒక అంకె తోక, పక్క అంకె తల కలిసిపోతాయి, అప్పుడు పోల్చడం ఎలా? ఎడమ నుంచి కుడికి నడవడమే జవాబు. మొదటి స్థానంలో పదీ పెట్టి చూసి, బాగా సరిపోయిన రెండు మూడింటిని దగ్గర పెట్టుకుని, ఒక్కోదాని పక్కన రెండో స్థానానికి పదీ పెట్టి చూడటం. తప్పు దారిలో వెళ్తే తర్వాతి గడి సరిపోక బయటపడుతుంది. పది స్థానాలకు కలిపి కొన్ని వందల పోలికలు. ఆండ్రాయిడ్‌లో వాడే రోబోటో అచ్చులో అంకెలన్నిటికీ ఒకే వెడల్పు, అందువల్ల ఏ అంకె ఎక్కడ మొదలవుతుందో కూడా ముందే తెలుస్తుంది. బిషప్ ఫాక్స్ సంస్థకు చెందిన డాన్ పెట్రో 2022లో విడుదల చేసిన అన్‌రెడాక్టర్ అనే పనిముట్టు చేసేది ఇదే. జంప్‌సెక్ అనే మరో భద్రతా సంస్థ, దమ్ముంటే చదవండి అన్నట్టు గళ్ల మసక వేసి పెట్టిన వాక్యాన్ని ఆయన ఈ పద్ధతిలోనే చదివేశాడు. అది ఇంగ్లీషు వాక్యం, ఒక్కో స్థానంలో ఉండగల అక్షరాలు పది కంటే ఎన్నో ఎక్కువ. ఫోన్ నంబరు అంతకంటే తేలిక.

రెండోది: బొమ్మ వాట్సాప్‌లో వెళ్లేటప్పుడు కుదించుకుపోతుంది, నాణ్యత పోతుంది, ఆ సన్నని తేడాలన్నీ చెరిగిపోతాయి. పోయే మాట నిజమే, పోయేవేమిటన్నదే ప్రశ్న. జేపెగ్ కుదింపు బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా తీసుకుని, సన్నని అంచులను, నూగును ముందు వదిలేస్తుంది. ప్రతి చదరపు సగటు రంగును మాత్రం జాగ్రత్తగా కాపాడుతుంది, ఎందుకంటే అది తప్పితే బొమ్మంతా గళ్లుగళ్లుగా కంటికి కొడుతుంది. మరి బ్లర్ వేసినవాడు అంకెలను దేనిలోకి మార్చాడు? సగటు రంగుల్లోకే. కుదింపులో అన్నిటికంటే భద్రంగా ప్రయాణించేది ఏదో, నంబరును అందులోకే ఎక్కించి పంపుతున్నాడన్నమాట. మెత్తటి మసకను నేరుగా వెనక్కి తిప్పాలనుకునేవాడికి కుదింపు అడ్డమే. పది అంకెల్లో ఏది దగ్గరగా ఉందో ఎంచుకునేవాడికి కొద్దిపాటి తేడా లెక్కలోకి రాదు.

మూడోది అందరూ చెప్పేది: అయితే ఇంకాస్త గట్టిగా బ్లర్ చేస్తాం, ఒకటికి రెండుసార్లు చేస్తాం. మెత్తటి మసకలో ఇది ఎంత పనిచేస్తుందో గణితమే చెబుతుంది. 5 పిక్సెళ్ల బలంతో గాసియన్ బ్లర్ రెండుసార్లు కొడితే 10 పిక్సెళ్ల బ్లర్ రాదు, సుమారు 7 పిక్సెళ్ల బ్లర్ ఒక్కసారి కొట్టినదానితో సమానం. రెండింతలు కావాలంటే నాలుగుసార్లు కొట్టాలి. గళ్ల మసకనైతే అవే గడులతో రెండోసారి కొట్టినా ఏమీ మారదు, సగటుకు సగటు తీస్తే అదే సగటు. పోనీ, గడిని పెంచుకుంటూ పోతామంటారా? పెంచితే నిజంగానే సమాచారం తగ్గుతుంది, ఆ మాట కాదనను. ఒక్క గడే నంబరు మొత్తాన్నీ మింగేంత పెద్దదైతే ఇక చదవడం కష్టం. కానీ అప్పుడు మీ బొమ్మలో మిగిలేది ఒకే రంగు నిండిన దీర్ఘచతురస్రం. అంటే నల్ల పట్టీ బాగోదని బయల్దేరినవారు బూడిద పట్టీ దగ్గర తేలారు. ఎంత పెద్ద గడి అయితే చాలో లెక్కవేసుకుంటూ అక్కడిదాకా నడవడం కంటే నేరుగా పట్టీయే వేయొచ్చు కదా!

ఇవన్నీ ప్రయోగశాల కబుర్లు అని కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు. మసక పెట్టిన అంకెలను ఇలా ఊహించి పోల్చి చదవొచ్చని ధీరా వెంకట్రామన్ 2007లో బ్యాంకు చెక్కు మీది నంబర్లను ఉదాహరణగా తీసుకుని వివరించాడు. 2016లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హిల్, ఝౌ, సాల్, షాహమ్‌లు మొజాయిక్, బ్లర్ రెండూ పత్రాల్లోని అక్షరాలను దాచలేవని పరిశోధన పత్రంలో చూపించారు. 2020 చివర్లో డీపిక్స్ అనే ఉచిత పనిముట్టు వచ్చింది. డీపిక్స్‌కు అచ్చూ, ఎడిటరూ సరిగ్గా కలిస్తేనే పనిచేస్తుందన్న పరిమితి ఉంది, బ్లర్ పక్షం వాళ్లు దాన్నే పట్టుకుని ఊరట పొందుతుంటారు. ఆ పరిమితి ఆ పనిముట్టుది, పద్ధతిది కాదు. అయినా మన స్క్రీన్‌షాట్లలో అచ్చు ఏదో, ఎడిటర్ ఏదో కనుక్కోవడం ఎంత పని? కోట్లమంది ఒకే యాప్‌లో, ఒకే బ్రష్షుతో దాస్తున్నారు.

"నా నంబరు కోసం ఎవడు ఇంత శ్రమపడతాడు?" అన్నది చివరి ఆసరా. మొదట, దాస్తున్న నంబరు చాలాసార్లు మనది కాదు. రసీదులో ఉన్నది డబ్బు అందుకున్నవారిది, చాట్‌లో ఉన్నది అవతలివారిది. వారి తరఫున ప్రమాదం ఎంతో తూచి, పరవాలేదని తేల్చే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. రెండోది, శ్రమ ఒక్కసారి ఒకరు పడితే చాలు, పనిముట్టు తయారయ్యాక రెండోవాడికి మీట నొక్కడమే. మూడోది, ఒకసారి పంచిన బొమ్మ మళ్లీ చేతికి రాదు. ఈ రోజు చదవలేని మసకను వచ్చే ఏడాది చదివినా నంబరు అదే ఉంటుంది, మనం నంబర్లు మార్చుకునేవాళ్లం కాదు. అసలు శ్రమ లెక్క తీసుకున్నా బ్లర్‌కు గెలుపు లేదు. బ్లర్ రుద్దడానికీ, పట్టీ గీయడానికీ పట్టేది ఒకే వేలి కదలిక.

ఇక పట్టీ ఎందుకు పనిచేస్తుందో ఒక్క పరీక్షతో చెప్పొచ్చు. కింద ఏ నంబరు ఉన్నా పైన కనిపించే బొమ్మ ఒకేలా ఉండాలి. నిండు నలుపు పూస్తే ఆ చోటులోని ప్రతి పిక్సెల్ విలువా 0. కింద 400 కోట్లలో ఏది ఉన్నా సరే, అదే 0. ఊహించి పోల్చేవాడికి ప్రతి ఊహా సరిపోతుంది, అంటే ఏదీ సరిపోనట్టే. నలుపే కావాలని కూడా లేదు. బాగోదన్నదే బాధైతే చాట్ బుడగ రంగే తీసుకుని పూయండి, కంటికి అసలు తెలియదు. కావలసింది రంగు కాదు, నిండుదనం.

పట్టీని వెక్కిరించేవాళ్లు చూపించే ఉదాహరణలన్నీ ఈ పరీక్షలో తప్పినవే. ఐఫోన్ మార్కప్‌లో హైలైటర్‌తో నల్లగా నాలుగుసార్లు గీసి పట్టీ అనుకునేవాళ్లున్నారు. అది పారదర్శకమైన రంగు. కింది అక్షరాలు నలుపులో ఇంకాస్త నలుపుగా మిగిలే ఉంటాయి, ఎడిటర్‌లో వెలుతురు పూర్తిగా పెంచితే లేచి కనిపిస్తాయి. పంపే ముందు మీరే ఆ వెలుతురు పెంచి చూసుకుంటే సంగతి తేలిపోతుంది. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టుకు ఇచ్చిన పీడీఎఫ్‌లో నల్ల పట్టీల కింది మాటలను విలేకరులు కాపీ చేసి వేరేచోట అతికించి చదివేశారు. అక్కడ పట్టీ అక్షరాల మీద పరిచిన ఇంకో వస్తువు మాత్రమే, అక్షరాలు అలాగే కింద ఉన్నాయి. వర్డ్ ఫైల్లో బొమ్మ మీద గీసిన పెట్టె కూడా ఇంతే.

అన్నిటికంటే బలమైన ఉదాహరణ 2023లో బయటపడ్డ ఎక్రోపలిప్స్ లోపం. గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్‌లో స్క్రీన్‌షాట్‌ను కత్తిరించి భద్రపరిస్తే, కొత్త చిన్న ఫైలును పాత పెద్ద ఫైలు మీద రాసేది కానీ మిగిలిన తోకను తీసేసేది కాదు. ఆ తోకలోంచి పాత బొమ్మలో కొంత భాగాన్ని మళ్లీ తయారుచేయగలిగారు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటి లోపమే దొరికింది. సవరణలు వచ్చాయి, కానీ అప్పటికే పంచిన బొమ్మలను ఏ సవరణా తాకలేదు. దీన్నిబట్టి పట్టీ కూడా దండగ అని తేల్చడం తొందరపాటు. ఇది ఫైలు లోపం. బ్లర్ చేసి భద్రపరిచినా ఇదే జరిగేది, అప్పుడు మసక బలహీనతకు ఇది అదనం.

కాబట్టి పద్ధతి ఇది. ఫోన్‌లో అయితే పెన్ను ఎంచుకోండి, హైలైటర్ కాదు, మందం పూర్తిగా పెంచండి. ఐఫోన్‌లో ఆకారాల్లోంచి నిండిన చతురస్రం పెట్టొచ్చు. కంప్యూటర్‌లో పెయింట్ అయితే ఆ చోటును ఎంచుకుని డిలీట్ నొక్కితే చాలు. పట్టీ అంకెలకు ఒరుసుకుని ఉండకూడదు. స్క్రీన్‌షాట్ ఒకసారి జేపెగ్‌గా మారి ఉంటే, అక్షరాల చుట్టూ 8 పిక్సెళ్ల చదరాల్లో సన్నటి నూగు పరుచుకుని ఉంటుంది, అది లోపలి ఆకారాన్ని బట్టే పుడుతుంది. అందుకని ఆ వరస మొత్తాన్నీ, పైనా కిందా కాస్త ఖాళీ కలుపుకుని, కప్పేయండి. ఆ తర్వాత సవరించిన బొమ్మను తెర మీద తెరిచి, దానికి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ కొత్తదాన్ని పంపండి. తెర మీద ఉన్నది మాత్రమే కొత్త ఫైల్లోకి వస్తుంది, పొరలూ తోకలూ సవరణ చరిత్రా ఏవీ రావు. ఎయిర్‌డ్రాప్‌లో ఫొటో మొత్తం సమాచారం పంపే ఎంపిక ఆన్‌లో ఉంటే ఐఫోన్ సవరణకు ముందటి బొమ్మను కూడా పంపేస్తుంది. ఈ రెండో స్క్రీన్‌షాట్ దానికీ విరుగుడు.

పట్టీ చేయలేనిది కూడా చెప్పాలి. అది తాను కప్పిన చోటునే దాస్తుంది. యూపీఐ రసీదులో పేరు కింద నంబరును కప్పి, రెండు వరసల కింద ఉన్న యూపీఐ ఐడీని వదిలేస్తారు. చాలామంది ఐడీ వాళ్ల ఫోన్ నంబరే, చివర `@ybl` లాంటి తోక మాత్రం అదనం. క్యూఆర్ కోడ్ ఉంటే అందులోనూ `upi://pay?pa=` తర్వాత అదే ఐడీ రాసి ఉంటుంది. ఆ కోడ్‌లో ఒక మూల కప్పితే సరిపోదు, దెబ్బతిన్నా చదవగలిగేలా తయారైన కోడ్ అది, అత్యధిక స్థాయిలో ముప్పై శాతం దాకా చెరిగినా కోలుకుంటుంది. మొత్తం కప్పాలి. అలాగే చివరి నాలుగంకెలే దాచి మొదటి ఆరు చూపిస్తే మిగిలేవి పదివేల నంబర్లు మాత్రమే. మీరు మొదటి సగం చూపించి, ఇంకొకరు ఇంకో రసీదులో చివరి సగం చూపిస్తే అసలేమీ మిగలదు.

ఇన్ని షరతులున్నప్పుడు పట్టీ మాత్రం ఏం మేలు అనొచ్చు. తేడా ఇది: పట్టీకి పెట్టిన షరతులు మనం చూసి సరిచూసుకోగలిగినవి. నిండుగా ఉందా, అంచు దాటిందా, ఇంకో చోట అదే నంబరు ఉందా అని ఎవరైనా అర నిమిషంలో చూసుకోవచ్చు. బ్లర్‌కు అలాంటి పరీక్ష లేదు. ఎంత మసక చాలో చూసి చెప్పడానికి మనకున్నది కన్ను ఒక్కటే, ఎదురుగా ఉన్నది కన్నుతో చదవని యంత్రం. యాప్‌లు చేసేవాళ్లు ఆ బ్రష్షును మొహాలకు ఉంచుకోనీ, దాని పక్కన నిండు పట్టీని కూడా పెట్టాలి, అక్షరాల మీద బ్లర్ రుద్దబోయినప్పుడు ఇది దాచదని చెప్పాలి. వాళ్లు ఆ పని చేసేదాకా, అంకెల మీదికి బ్లర్ బ్రష్షు తీసుకెళ్లకండి.